జుట్టు పెరిగేలోపు పోయిన ఉద్యోగం

మొక్కు మొక్కింది కృష్ణమ్మ. జుట్టు ఇచ్చింది ఆమె కూతురు గుణ. తిరుత్తణి వేలాయుధుడి కొండ పక్కల ఇదేమీ విడ్డూరం కాదు. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరి తలనైనా అడక్కుండా స్వామికి రాసిచ్చేస్తారు. ఆ తల మోస్తున్న మనిషికి సంగతి ఆఖర్న తెలుస్తుంది. గుణకూ అలాగే తెలిసింది. కొత్తగా పెట్టిన బ్యాటరీ కంపెనీవాళ్ళు సీనియర్ క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా తీసుకున్నామని మెయిల్ పంపిన పొద్దున, ఆమె ఇంకా ఫోను చూసుకుని నవ్వుకుంటూ ఉండగానే, వంటింట్లోంచి, తనతోనే ఉంటున్న తల్లి గొంతు వినబడింది.

"ఆడికృత్తికకు కొండెక్కి నీ జుట్టు ఇస్తానని మొక్కుకోనుండానుమ్మే. స్వామి మాట నిలబెట్టినాడు. ఇంగ మనం నిలబెట్టాల."

"నా జుట్టా? నన్నొక మాట అడగొద్దా మా?"

"స్వామి దగ్గర నిన్నేందే అడిగేది?"

గుణకు ముప్పై నాలుగేళ్ళు. నడుము దిగిన జడ. దాన్ని చూసుకుని మురిసిపోయే తీరిక ఆమెకు ఎప్పుడూ లేదు గానీ, పోతుందని తెలిసిన రోజున మాత్రం అద్దం ముందు కాస్త ఎక్కువసేపే నిలబడింది. అయినా ఇచ్చింది. సంతోషంగానే ఇచ్చింది. తిరువళ్ళూరు ఇండస్ట్రియల్ ఎస్టేటులో ఒక రబ్బరు కంపెనీలో ఏడేళ్ళు ఒకే కుర్చీలో కూర్చుని, తన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు తనకు పైవాళ్ళు కావడం చూసిన మనిషి ఆమె. కొత్త కంపెనీ ఆమెను పేరు పెట్టి పిలిచి, మీ అనుభవం మాకు కావాలి అన్నది. ఆ ఒక్క మాటకు జుట్టేం, అడిగితే ఇంకేమైనా ఇచ్చేదే.

ఆడి నెలలో స్వామికి జరిగే పెద్ద పండుగ ఆడికృత్తిక నాడు, కావడుల మధ్య, జనం తొక్కిసలాటలో, కొండమీద గుండు కొట్టించుకుని, నున్నటి తలకు గంధం పూసుకుని దిగింది. మర్నాడు కంపెనీ బస్సులో అలాగే వెళ్ళింది. బస్సులో ఎవరూ ఏమీ అడగలేదు. ఈ పక్కల గంధం పూసిన గుండును ఎవరూ ఎందుకని అడగరు, చూస్తేనే తెలుసు.

ఆ జుట్టు చెవుల మీదికి రాకముందే ఉద్యోగం పోయింది.

పోయిన తీరు కూడా చెప్పుకోదగ్గది కాదు. పెద్ద కొనుగోలుదారు ఆర్డరు వెనక్కి తీసుకున్నాడు. రెండో లైన్ ఆగింది. మొదట షిఫ్టులు తగ్గించారు, తరువాత క్యాంటీన్లో మజ్జిగ తగ్గింది, ఆ పై వారం రెండో లైన్ వాళ్ళందర్నీ కొందరు కొందరుగా మీటింగు గదిలోకి పిలిచారు. హెచ్ఆర్ కుర్రవాడు ఎవరి మొహమూ చూడకుండా, కంఠతా పట్టిన పాఠం ఒప్పజెప్పాడు. "మీరే రిజైన్ చేసినట్టు రాసివ్వండి. మేము తీసేశామని రికార్డులో పడితే రేపు మిమ్మల్ని ఎవరూ తీసుకోరు. మీ మంచికే చెప్తున్నాం." అందరూ రాశారు. గుణా రాసింది. చేతికొచ్చిన రిలీవింగ్ లెటర్లో 'సొంత కారణాల వల్ల రాజీనామా' అని ఉంది. ఆమెకున్న సొంత కారణం ఒకటే, ఆ ఉద్యోగం చేసుకోవాలని.

అక్కడినుంచి మొదలయ్యాయి అసలు తిప్పలు.

మొదటి ఇంటర్వ్యూలో, ఆ కంపెనీ ఎందుకు వదిలారు అని అడగ్గానే గుణ అంతా చెప్పుకొచ్చింది. ఆర్డరు పోవడం, మీటింగు గది, హెచ్ఆర్ కుర్రవాడు, మోసం, తన ఏడేళ్ళు, అంతా. చెప్పేకొద్దీ కోపం పెరిగింది. ఎదురుగా ఉన్న పెద్దమనిషి మెల్లగా పెన్నుకు మూత పెట్టాడు. ఆ మూత చూశాక తనకు అక్కడ పని లేదని ఆమెకు అర్థమైంది, అయినా మాట ఆపలేకపోయింది.

రెండోచోట జాగ్రత్తపడి, లైన్ మూసేశారు సార్, అని ఒక్కమాటే అన్నది. వాళ్ళు రిలీవింగ్ లెటర్ తిప్పి చూశారు. "ఇందులో సొంత కారణాలని ఉందే? ఏది నిజం?" అన్నారు. గుణ లెటర్ మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ తరువాత ఫోన్లోనే తేలిపోయేవి ఎక్కువయ్యాయి. "నాలుగు నెలలేనా మేడమ్? సరే, చెప్తాం" అనేవాళ్ళు. ఆ చెప్పడం ఎప్పుడూ జరగలేదు.

గుణ భర్త మహేంద్ర, అతని అన్న ఏకాంబరం కలిసి ఊరిచివర షెడ్డులో పవర్‌లూములు నడిపిస్తారు. ఒక రాత్రి అన్నం తింటూ ఏకాంబరం తన మామూలు ధోరణిలో అన్నాడు.

"కండెలు చుట్టేదానికి మనిషి చాల్లేదుమ్మా. సంక్రాంతికి తైనెల పుట్టేలోపల నీకు యాడన్నా కుదిరితే సరి. లేకుంటే షెడ్డుకొచ్చేయి. పరాయి పనా ఏంది, మన పనే కదా."

ఆయన మనసులో కల్మషం లేదు. గుణ చిన్నప్పుడు కండెలు చుట్టి చుట్టి, ఆ నూలు ధూళిలోంచి బయటపడాలనే పట్టుబట్టి డిప్లొమా చదివింది. ఇప్పుడు మళ్ళీ ఆ రాట్నం ముందుకే పొమ్మంటే, ఏడేళ్ళూ ఆ నాలుగు నెలలూ ఎవరో కలగన్నట్టు అయిపోతాయి. ఒకసారి షెడ్డులో కూర్చుంటే తిరిగి లేవలేనని ఆమెకు తెలుసు. లూముల చప్పుడులో రోజులు తెలియకుండా పోతాయి, ఆ తరువాత ఏ కంపెనీవాడూ ఇన్నాళ్ళు ఏం చేశావని అడగను కూడా అడగడు. ఆమె భయం అది. పైకి మాత్రం "సరి బావా" అన్నది.

బస్టాండు దగ్గర బ్రౌజింగ్ సెంటరు నడిపే వేల్‌మురుగన్ ఈ ఊళ్ళో సగంమంది ఉద్యోగాల కాగితాలు తయారుచేసినవాడు. అతనికి తెలియని సంగతంటూ ఉండదు, కనీసం తెలియదని అతను ఎప్పుడూ ఒప్పుకోలేదు. గుణ రెజ్యూమ్ తెరపై తెరిచి, పెదవి విరిచాడు.

"అక్కా, ఈ నాలుగు నెలలు ఉండాయే, చూసేవాడి కన్ను నేరా ఆడికే పోతాది. మీ ఏడేళ్ళు ఎవడూ చూడడు. తీసి పారేద్దాం."

"తీసేస్తే నడుమ గ్యాప్ కనబడదా?"

"కనబడనీ. ఒంట్లో బాగలేదని చెప్పండి. ఆపరేషనో, ట్రీట్‌మెంటో." అతను ఆమె తలవైపు చూసి, గొంతు తగ్గించాడు. "తప్పుగా అనుకోవద్దక్కా. మీ జుట్టు చూస్తే ఎవరూ రెండో మాట అడగరు. పాపం అనుకుంటారు."

గుణ చెయ్యి తనంతట తానే తలమీదికి పోయింది. పొట్టిగా, నిక్కబొడుచుకుని, ఎటు దువ్వినా మాట వినని జుట్టు. ఇంతకు ముందు ఎక్కడికి వెళ్ళినా కొంగు కప్పుకుని వెళ్ళేది. ఇది పనికొస్తుందన్నమాట.

"పీఎఫ్‌లో ఆ కంపెనీ పేరు ఉంటాది కదప్పా?" అన్నది.

"అదంతా ఎవరు చూస్తారక్కా!" అన్నాడు వేల్‌మురుగన్. అన్నీ తెలిసినవాళ్ళతో వచ్చే చిక్కే ఇది. తెలియనిచోట గొంతు ఇంకాస్త పెంచుతారు.

వద్దు అని లేచి రావలసింది. తిరిగి తిరిగి, చెప్పి చెప్పి, ప్రతిచోటా అదే ప్రశ్నకు అదే మొహం చూసి ఆమె అలిసిపోయింది. అలసటలో మనిషికి ఏ దారి దగ్గరైతే అదే మంచిదనిపిస్తుంది. "సరి, తీసేయి" అన్నది. వేల్‌మురుగన్ ఒక్క మీట నొక్కాడు. నాలుగు నెలలూ పోయాయి.

వారం తిరక్కముందే తిరువళ్ళూరులో బ్రేకు పైపులు చేసే కంపెనీనుంచి పిలుపొచ్చింది.

లోకల్ రైల్లో కిటికీ పక్క చోటు దొరికింది. తిరువాలంగాడు దాటేవరకూ చెప్పవలసిన మాటలు లోపల లోపల వల్లె వేసుకుంది. ఒంట్లో బాగలేకపోయింది సార్. ఇప్పుడు పూర్తిగా నయమైంది సార్. మూడోసారికే ఆ మాటలు తనవే అనిపించాయి. ఎదుటి సీటులో ఒక ముసలావిడ ఆమె తల చూసి, "కొండకు ఇచ్చినావా?" అని ఆప్యాయంగా అడిగింది. గుణ అవునని తల ఊపి, మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

ఇంటర్వ్యూ గదిలో ఇద్దరున్నారు. క్వాలిటీ మేనేజరు సుందరరాజ్, యాభై దాటిన మనిషి, చొక్కా జేబులో స్టీలు స్కేలు. హెచ్ఆర్ మేనేజరు ఏంజెలిన్, గుణ వయసుదే. మాటలు తమిళంలో, నడుమ నడుమ ఇంగ్లిషులో సాగాయి.

సుందరరాజ్ ఒక పైపు ముక్క, దాని డ్రాయింగు ముందుకు తోసి, కొలిచి చూడమన్నాడు. వెర్నియర్ చేతిలోకి రాగానే గుణకు ప్రాణం లేచొచ్చినట్టయింది. కొలిచింది, చెప్పింది. కస్టమరు ఫిర్యాదు వస్తే ఏం చేస్తారు, మొదట ఏది ఆపుతారు, తప్పు మూలం ఎలా పట్టుకుంటారు, అన్నీ అడిగాడు. ఏడేళ్ళ పని నోటిమీద ఉంది. ఆయన మొహంలో మెల్లగా ఇష్టం కనబడసాగింది.

"మాకు ఇప్పుడున్న తలనొప్పి లీక్ టెస్టు," అన్నాడాయన. "పొద్దున ఫెయిలైన పార్టులే మధ్యాహ్నం పాసవుతున్నాయి. మీరెప్పుడైనా లీక్ టెస్టు మీద పనిచేశారా?"

గుణ వెర్నియర్ బల్లమీద పెట్టింది. చేసింది. సరిగ్గా ఇదే గొడవ మీద చేసింది. కడిగి వేడిగాలితో ఆరబెట్టిన పార్టులను వేడి తగ్గకముందే టెస్టులో పెడుతున్నారని, వేడి తగ్గేకొద్దీ లోపలి ప్రెషర్ కూడా తగ్గి లీకు లేకున్నా ఉన్నట్టు చూపిస్తోందని పట్టుకున్నది ఆమే. పార్టులు చల్లారడానికి ఒక ర్యాకు పెట్టించి, ఆ గొడవ తీర్చింది. ఆ ర్యాకు దగ్గర నిలబడి వాళ్ళ మేనేజరు అజిత్ నలుగురిలో ఆమెను మెచ్చుకున్నాడు. అదంతా బ్యాటరీ కంపెనీలో. వేల్‌మురుగన్ ఒక్క మీటతో తీసేసిన నాలుగు నెలల్లో.

రబ్బరు కంపెనీలో లీక్ టెస్టు లేదు.

"లేదు సార్," అన్నది. "నేర్చుకుంటాను."

సుందరరాజ్ ఆ మాటకు కొంచెం చప్పబడ్డాడు. రెజ్యూమ్ ఏంజెలిన్ వైపు జరిపాడు. ఆమె దానిమీద వేలు కదిలిస్తూ చదివి, "జూన్‌లో అక్కడ మానేశారు. తరువాత ఇప్పటిదాకా?" అన్నది.

"ఒంట్లో బాగలేకపోయింది మేడమ్. ట్రీట్‌మెంటు తీసుకున్నాను. ఇప్పుడు పూర్తిగా నయమైంది."

రైల్లో వల్లె వేసినట్టే వచ్చింది, ఒక్క అక్షరం తప్పకుండా. వేల్‌మురుగన్ చెప్పింది నిజమే. ఎవరూ రెండో మాట అడగలేదు. ఏంజెలిన్ కళ్ళు ఒక్క క్షణం గుణ తలమీద ఆగాయి. ఆమె మొహం మారిపోయింది. రెజ్యూమ్ బల్లమీద పెట్టేసి, తమిళం వదిలేసి, ఇంట్లో మాట్లాడినట్టు తెలుగులోకి దిగింది.

"తెలుగు వస్తాదని రాసినారు కదా. మాదీ తెలుగే. ఆరోగ్యం సంగతి మేము అడగకూడదు, మీరు చెప్పనక్కర కూడా లే. అయినా మనసు పట్టక చెప్తా ఉండాను. మా అమ్మకూ కీమో అయినాక జుట్టు ఇట్లే వచ్చిందండీ. ముందు కోడిపిల్ల బొచ్చు మాదిరి, ఆ పైన ఇట్లా నిక్కబొడుచుకోని. అద్దంలో చూసుకోని నవ్వుతా ఉండె. పూర్తిగా పెరిగేదాకా ఉండలే." ఆమె కళ్ళు తుడుచుకుంది. "మీరు తట్టుకోనొచ్చినారు. అది చాలు. మిగిలింది మేము చూస్తాము."

తమిళంలో ఆడిన అబద్ధం ఒక లెక్క. ఆఫీసు మాట, ఆఫీసు సమాధానం, ఎవరికి వారు సర్దుకోవచ్చు. ఇప్పుడు ఎదురుగా ఒక ఆడపిల్ల తన తల్లి చావును అమ్మ భాషలో తీసి తన చేతిలో పెట్టింది. గుణకు తల భగ్గుమన్నట్టయింది. ఏ జుట్టని ఈమె కళ్ళు తడి చేసుకుంది? కొండమీద, గంధం వాసనలో, మంగలి కత్తి కింద తల వంచి, నవ్వుతూ ఇచ్చిన జుట్టు. ఉద్యోగం వచ్చిందని ఇచ్చిన జుట్టు. దాన్ని అడ్డం పెట్టుకుని ఒక చనిపోయిన మనిషి పక్కన నిలబడి పాపం అనిపించుకుంటోంది తాను.

ఊరుకుంటే ఉద్యోగం వచ్చేదే. ఆ సంగతి ఆమెకు ఆ క్షణాన స్పష్టంగా తెలుసు.

"మేడమ్," అన్నది గుణ. "నాకు జబ్బేమీ రాలే. ఇది తిరుత్తణి గుండు."

ఏంజెలిన్ కుర్చీలో వెనక్కి ఒరిగింది. ఆమె మొహంలో మొదట అర్థంకానితనం, తరువాత ఏదో తలుపు మూసుకున్నట్టు ఒక గట్టితనం. గుణ ఆమె వైపు చూడలేకపోయింది.

సుందరరాజ్‌కు తెలుగు వచ్చో రాకో గానీ, తిరుత్తణి గుండు అంటే తెలియనివాడు ఈ జిల్లాలో లేడు. "ఏం మొక్కు?" అన్నాడు తమిళంలో.

"ఉద్యోగం వచ్చినందుకు సార్."

"ఏ ఉద్యోగం?"

రెజ్యూమ్ గురించి ఎంతైనా అబద్ధమాడొచ్చు. మొక్కు గురించి ఎలా ఆడటం? కడుపు చేత పట్టుకుని ఊరూరూ తిరిగినా, కొండమీది స్వామికి ఇచ్చినదాన్ని ఇంకొకదానికి ఇచ్చానని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. బ్యాటరీ కంపెనీ పేరు చెప్పింది. చెప్పి, మళ్ళీ పాత పాటే ఎత్తుకుంది. ఆర్డరు పోయింది సార్, మీటింగు గదిలోకి పిలిచారు సార్, రాయమన్నారు సార్. సుందరరాజ్ చెయ్యెత్తి ఆపాడు.

"మిమ్మల్ని తీశారా, లైన్‌ను తీశారా?"

"లైన్‌ను సార్. రెండో లైన్ మొత్తం."

"అయితే అంతే చెప్పండి. దానికి ఇంత కథ ఎందుకమ్మా? ఆ లైన్ మూసిన సంగతి ఈ చుట్టుపక్కల కంపెనీల్లో తెలియనిదెవరికి?"

"లెటర్‌లో సొంత కారణాలని రాశారు సార్. ఎవరూ నమ్మలేదు." ఆమె సంచిలోంచి కాగితం తీసి బల్లమీద పెట్టింది. దాచవలసింది ఇంకేమీ లేదు.

ఆయన చదివి, ముక్కుతో నవ్వాడు. "ఒక లైన్ మొత్తానికి ఒకేరోజు సొంత కారణాలు పుట్టుకొచ్చాయి. బాగుంది. మీ పైన ఎవరు?"

"అజిత్ సార్. ఆయన్ను కూడా తీసేశారు."

"నంబరు ఇవ్వండి, నేను మాట్లాడతా. ఆ నాలుగు నెలల్లో అక్కడేం చేశారు?"

"లీక్ టెస్టు సార్."

ఆ మాటతో సుందరరాజ్ జేబులోంచి పెన్ను తీశాడు. ఆమె చెప్పుకొచ్చింది, కడగడం, వేడి, ప్రెషర్, ర్యాకు. ఆయన అడ్డం వచ్చి అడిగాడు, ఆమె జవాబు చెప్పింది. చల్లారడానికి ఎంతసేపన్నది ఎలా తేల్చారు, ఆపరేటర్లు ఒప్పుకున్నారా, వాన రోజుల్లో ఏమైంది. కొంతసేపు అది ఇంటర్వ్యూ అన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు. ఏంజెలిన్ మాత్రం మరవలేదు. చేతులు కట్టుకుని కూర్చుని వింటోంది.

చివర్న గుణను బయటి గదిలోకి తీసుకొచ్చి, ఒక అప్లికేషను ఫారం ఇచ్చింది ఏంజెలిన్. తెలుగులోనే మాట్లాడింది, ఇప్పుడు ఆ తెలుగులో వెచ్చదనం లేదు.

"పనిచేసిన కంపెనీలన్నీ ఇందులో రాయాల. కింద సంతకం పెట్టాల. సెలక్ట్ అయినోళ్ళవి మేము బయట ఏజెన్సీకి ఇచ్చి చూపిస్తాము. పీఎఫ్ నంబరు వేస్తే యాడ ఎప్పుడు చేరినారు, ఎప్పుడు మానుకున్నారు, అంతా తెలిసిపోతాది. రెజ్యూమ్‌లో ఒకటి రాయకపోతే ఎందుకని అడుగుతాము. ఇందులో దాచి సంతకం పెడితే, చేరినాక అయినా తీసేస్తాము. అర్థమైందా?"

"అయింది మేడమ్."

"నాలుగు నెలలకు ఎవరూ చంపరు." ఆమె ఆగింది. "జబ్బని చెప్పకుండా ఉండాల్సిందండీ. ఇంకేమన్నా చెప్పుండొచ్చు."

గుణకు క్షమించమని అడగాలనిపించింది. ఆ మాట కూడా ఉద్యోగం కోసమే అన్నట్టు వినబడుతుందేమోనని అడగలేకపోయింది. ఫారం నింపింది. బ్యాటరీ కంపెనీ పేరు, చేరిన తేదీ, మానిన తేదీ, కారణం అన్నచోట 'లైన్ మూసివేత, అందరితోపాటు' అని రాసింది. ఇన్నాళ్ళు ఇంత తిప్పలు పెట్టిన సంగతి అంత చిన్న గడిలో పట్టింది.

తిరుగు రైల్లో చోటు దొరకలేదు. నిలబడే తిరుత్తణి చేరింది. ఈసారి ఎవరూ ఆమె తల గురించి అడగలేదు, ఆమె కొంగూ కప్పుకోలేదు. ఉద్యోగం రాదనే అనుకుంది. రాకపోయినా ఆ అబద్ధంతో రాలేదు కదా అని సమాధానపడబోయింది గానీ, ఆ సమాధానం కడుపు నింపేది కాదు. కాళ్ళు పీకుతున్నాయి. షెడ్డులో రాట్నం గుర్తొచ్చింది.

అయినా ఇంటికి పోతూ బ్రౌజింగ్ సెంటరు ముందు ఆగింది. "ఆ నాలుగు నెలలు మళ్ళా పెట్టప్పా," అన్నది. వేల్‌మురుగన్ నొసలు చిట్లించాడు. అతనికి వివరం చెప్పే ఓపిక ఆమెకు లేదు. కంపెనీ పేరు, నెలలు, రెండో లైన్ మూసేశారని ఒక ముక్క, లీక్ టెస్టు మీద ఒక ముక్క, అంతే వేయించి, అక్కడినుంచే ఏంజెలిన్‌కు పంపించింది.

జవాబు రాలేదు. ఆ వారమూ రాలేదు. తైనెల దగ్గరపడింది. ఏకాంబరం కండెల రాట్నం పక్కన ఒక కొత్త ముక్కాలి పీట పెట్టించాడు, ఎవరికోసమో చెప్పలేదు. గుణ దాన్ని రెండుసార్లు చూసింది, కూర్చోలేదు.

ఫోను వచ్చినప్పుడు ఆమె మిద్దెమీద ఆరేసిన బట్టలు తీస్తోంది. ఏంజెలిన్.

"మేనేజర్ సార్ అజిత్‌తో మాట్లాడినాడు. మీ గురించి మంచిగానే చెప్పినాడు. మీరు అడిగిన సీనియర్ పోస్టు ఇయ్యలేము. ఒక మెట్టు కిందది. ఆరు నెలలు ప్రొబేషన్. సరేనా?"

"సరే మేడమ్."

"ఇంగొకటి. నేను వద్దనే చెప్పినాను. మీకు తెలిసుండాలని చెప్తా ఉండాను."

"చెప్పినందుకు మంచిది మేడమ్," అన్నది గుణ. ఇంకా ఏదో అనాలని నోరు తెరిచింది. "మీ అమ్మ పేరేమి మేడమ్?"

ఫోను పెట్టేస్తుందేమో అనుకుంది.

"కుప్పమ్మ," అన్నది ఏంజెలిన్. "ఒకటో తేదీ పొద్దున రండి. కాగితాలన్నీ ఎత్తుకోని రండి. అన్నీ."

గుణ బట్టలు అక్కడే వదిలేసి, మిద్దెమీద కూలబడింది. సంతోషం రాలేదు. చాలా దూరం నడిచి నడిచి ఇల్లు చేరినవాడికి ముందు నవ్వు వస్తుందా, కాళ్ళ నొప్పి వస్తుందా? ఆమెకు ఏడుపొచ్చింది. కింద షెడ్డుకు పోతున్న మహేంద్ర తలెత్తి చూసి, కంగారుగా మెట్లెక్కి వచ్చాడు. ఆమె చెప్పింది విని, పక్కన కూర్చుని, ఆ నిక్కబొడుచుకున్న జుట్టును అరచేత్తో ఒకసారి అణిచాడు. అది మళ్ళీ లేచింది.

రాత్రి అన్నాలయ్యాక కృష్ణమ్మ కూతురి దగ్గరికొచ్చి, మొహమాటంగా గోడకానుకుని కూర్చుంది. ఆమె మొహం చూడగానే గుణకు అనుమానం వచ్చింది.

"మా, మళ్ళా ఏమన్నా మొక్కుకున్నావా?"

"నువ్వు తిరువళ్ళూరు పోయిన దినం మొక్కుకున్నాను మే."

"ఎవరి జుట్టు?"

"నాదే. నీ తలమీద ఏముండాది ఇచ్చేదానికి?" కృష్ణమ్మ తన నెరిసిన ముడిని తడుముకుంది. "రేపు శుక్రవారం. కొండకు పోయి ఇచ్చేసొస్తాను."

గుణ తల్లి చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడొద్దు మా. ఆరు నెలలు ఆగు. ప్రొబేషన్ అయిపోయి, కన్‌ఫర్మ్ చేసినాక ఇద్దాం."

"ఏందే! స్వామికే గడువు పెడతావా?"

"కంపెనీ నాకు పెట్టింది. నేను స్వామికి పెడతా ఉండాను. ఆయనకు తెలీదా ఏమి మన కష్టం?"

కృష్ణమ్మ కూతురి పొట్టి జుట్టు వైపు చూసింది, తన ముడి మళ్ళీ ఒకసారి తడుముకుంది. తరువాత గోడమీది వేలాయుధుడి పటం వైపు తిరిగి, ఇంట్లో మనిషితో అన్నట్టు మెల్లగా అన్నది.

"విన్నావు కదా నాయనా. ఆరు నెలలంట. ఈసారన్నా నిలబెట్టు."